రెండోసారి కూడా పేస్ట్ చేశాను

ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు. ల్యాప్‌టాప్ మూయకుండా అలాగే రెండు చేతుల్తో పట్టుకుని వచ్చింది. "సర్, ఒక్కసారి చూస్తారా" అంది. ఆ తర్వాత మాట రాలేదు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది అప్పటికి. నేను అక్కడ డేటాబేసులు చూసుకునేవాణ్ణి. తెర మీద ఉన్నది చదవడానికి నాకు రెండు క్షణాలు పట్టింది.

```
mysql> DELETE FROM appointments;
Query OK, 48216 rows affected (1.12 sec)

mysql> WHERE branch_code = 'TEST';
ERROR 1064 (42000): You have an error in your SQL syntax; ...
```

హైదరాబాద్‌లో మాది మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇళ్లకు మనిషిని పంపి రక్తం, మూత్రం నమూనాలు తీసుకెళ్లే ల్యాబులకు బుకింగ్ వ్యవస్థ మేమే నడిపేవాళ్లం. ఆ బుకింగులన్నీ `appointments` అనే ఒక టేబుల్‌లో ఉండేవి. టేబుల్ అంటే పెద్ద రిజిస్టరు అనుకోండి. ఒక్కో బుకింగుకి ఒక్కో వరుస: ఎవరు, ఏ ఇల్లు, ఏ పరీక్ష, ఏ రోజు ఎన్నింటికి, ఏ శాఖ. ఆ రిజిస్టర్లో టెస్టింగ్ వాళ్లు సరదాకి కాదు, పరీక్ష కోసం వేసిన ఉత్తుత్తి బుకింగులు 37 ఉండిపోయాయి. శాఖ పేరు దగ్గర TEST అని ఉన్నవి. వాటిని తీసేయడమే ఆ రోజు ఆమెకు అప్పజెప్పిన పని.

ఆమె జాగ్రత్తగానే మొదలుపెట్టింది. ముందు మొత్తం ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టే క్వెరీ నోట్‌ప్యాడ్‌లో రాసుకుంది. ఆ పంక్తి చివర సెమీకోలన్ ఉంది. తర్వాత అదే పంక్తిలో లెక్కపెట్టమన్న చోట తొలగించమని మార్చి, కింది పంక్తిలో `WHERE` షరతు చేర్చింది. పై పంక్తి చివర సెమీకోలన్ అలాగే ఉండిపోయింది. డేటాబేసుకి సెమీకోలన్ అంటే మన పూర్ణవిరామం. అది కనబడగానే మాట పూర్తయిందనుకుని పని మొదలుపెడుతుంది. రెండు పంక్తులూ కలిపి పేస్ట్ చేస్తే, మొదటిది ఒక పూర్తి ఆదేశమైంది: ఈ రిజిస్టర్లోని వరుసలన్నీ తీసెయ్. రెండోది తలాతోకా లేని ముక్క, అందుకే దానికి ఎర్రర్ వచ్చింది.

తెలుగులో ఇదే పని చెప్పాలంటే "శాఖ పేరు TEST అని ఉన్న బుకింగులు తీసెయ్" అంటాం. షరతు ముందు వస్తుంది, చెయ్యమనే మాట చివర వస్తుంది. మధ్యలో ఎవరైనా మాట ఆపించినా "శాఖ పేరు TEST అని ఉన్న" దగ్గర ఆగుతుంది, ఏ హానీ ఉండదు. డేటాబేసు భాషలో వరస తిరగబడింది. తీసెయ్ అన్నది మొదట, ఎక్కడినుంచి అన్నది తర్వాత, ఏవి అన్న షరతు అన్నిటికన్నా చివర. మాట మధ్యలో తెగితే మిగిలేది షరతు లేని ఆజ్ఞ. ఆ భాష వ్యాకరణం ప్రకారం అది తప్పు కూడా కాదు. కాబట్టే "నిజంగానా?" అని అడగదు.

ఆమె కన్ను మాత్రం కిందనున్న ఎర్రర్ మీదే పడింది. చివరి పంక్తిలో ఎర్రర్ కనిపిస్తే ఏదీ నడవలేదనే ఎవరైనా అనుకుంటారు. ఎక్కడో అక్షరం జారిందేమోనని అదే మళ్లీ పేస్ట్ చేసింది. ఈసారి జవాబు `2 rows affected` అని వచ్చింది. అప్పుడు పైకి జరిపి చూస్తే 48216 కనిపించింది.

చేసింది వెనక్కి తీసుకోవడానికి డేటాబేసుల్లో ఒక మాట ఉంది, `ROLLBACK`. కానీ ముందుగా `START TRANSACTION` అని చెప్పి మొదలుపెట్టినప్పుడే అది పనికొస్తుంది. అలా చెప్పకపోతే మైఎస్‌క్యూఎల్ ప్రతి ఆదేశాన్నీ అయిన మరుక్షణమే ఖాయం చేసేస్తుంది. మామూలుగా వచ్చే అమరిక అదే. ఆమె `ROLLBACK` కొట్టి చూసింది. డేటాబేసు సరేనంది. వరుసలు మాత్రం రాలేదు.

నా దగ్గరికి రాకముందు ఆరు నిమిషాలు ఆమె ఏం చేసిందో తర్వాత చెప్పింది. మేనేజరుకి మెయిల్ రాయడం మొదలుపెట్టింది. అది డ్రాఫ్టులో ఉంది, నాకు చూపించింది. మా ఆఫీసు మెయిళ్లు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి తెలుగులో చెబుతున్నాను:

"సర్, ప్రొడక్షన్‌లో చిన్న సమస్య వచ్చింది. కొన్ని అపాయింట్‌మెంట్లు కనిపించడం లేదు. కారణం చూస్తున్నాను. వీలైనంత త్వరగా సరిచేస్తాను. అసౌకర్యానికి క్షమించండి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. పనికొచ్చే మాట కూడా ఒక్కటీ లేదు. సమస్య తనంతట తను వచ్చినట్టుంది. "కొన్ని" అంటే ఎన్నో తెలియదు. "కనిపించడం లేదు" అంటే తెర మీద కనిపించడం లేదా, అసలే లేవా అన్నది తెలియదు. ఇది చదివిన మేనేజరు చేతిలో పని ఆపి లేవడు. భయపడ్డ మనిషి ఇలాగే రాస్తాడు. నేనూ మొదట్లో ఇలాగే రాశాను, అందుకే ఆమె మీద నాకు కోపం రాలేదు. కానీ ఆ మెయిల్ అలాగే వెళ్లి ఉంటే ఆ సాయంత్రం వేరేగా ఉండేది.

ముందు ఇద్దరం మీటింగ్ గదిలో ఉన్న మేనేజరు దగ్గరికి నడిచాం. ఇలాంటి కబురు మొదట నోటితో చెప్పాలి, మెయిల్ ఎవరు ఎప్పుడు తెరుస్తారో తెలియదు కాబట్టి. నోటితో చెప్పాక మెయిల్ మళ్లీ ఎందుకంటే, అక్కడినుంచి నలుగురైదుగురు ఒకే వివరాల మీద పనిచేయాలి. ఒకరు చెప్పింది ఇంకొకరి చెవికి చేరేలోపు 2:37 కాస్తా రెండున్నర అవుతుంది. ఆమె నా పక్కనే కూర్చుని నాలుగు నిమిషాల్లో కొత్త మెయిల్ రాసింది. నేను ప్రశ్నలడిగాను, రాసింది ఆమే. 2:48కి వెళ్లింది.

"విషయం: ప్రొడక్షన్‌లో appointments టేబుల్ ఖాళీ అయింది, వెంటనే సాయం కావాలి

సర్,

ఈరోజు మధ్యాహ్నం 2:37కి ప్రొడక్షన్ డేటాబేసులో appointments టేబుల్‌లోని వరుసలన్నీ నేను తొలగించాను. 37 టెస్ట్ బుకింగులు తీయబోయి WHERE లేకుండా DELETE నడిపాను. పోయినవి 48,216 వరుసలు.

మొదటిది నడవలేదనుకుని 2:38కి రెండోసారి కూడా పేస్ట్ చేశాను. అప్పుడు ఇంకో 2 వరుసలు పోయాయి. అవి ఆ మధ్యలో పడిన అసలు బుకింగులై ఉండవచ్చు, ఇంకా నిర్ధారించలేదు. తర్వాత ROLLBACK ప్రయత్నించాను, ఫలితం లేదు.

నేను కొట్టిన క్వెరీలు, వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టుగా కింద అతికించాను.

ఇప్పుడు ఎవరికీ పాత బుకింగులు కనిపించవు. కొత్తవి ఇంకా పడుతున్నాయి. 3 గంటలకు రేపటి రూట్ల జాబ్ నడుస్తుంది. అది ఈ టేబుల్‌నే చదువుతుంది. దాన్ని ఆపాలి, ఆపే అనుమతి నాకు లేదు.

ఇవి తప్ప డేటాబేసులో నేను ఇంకేమీ మార్చలేదు. సర్వర్ రీస్టార్ట్ చేయలేదు. ఆ విండో తెరిచే ఉంచాను.

బుకింగ్ పేజీ, టెక్నీషియన్ల యాప్ తాత్కాలికంగా ఆపడానికి మీ అనుమతి కావాలి. తర్వాతి మెయిల్ 3:15కి పంపుతాను."

ఈ మెయిల్లో క్షమాపణ లేదు. అది సాయంత్రం రాసింది, రాయాల్సిన చోట రాసింది. 2:48కి అందరికీ కావాల్సింది వేరు.

మొదట పనికొచ్చింది 3 గంటల జాబ్ గురించిన మాట. రోజూ ఆ వేళకి ఒక ప్రోగ్రాము తనంతట తానే లేచి, మర్నాటి బుకింగులు చదివి, ఏ టెక్నీషియను ఏ వరసలో ఏ ఇళ్లకు వెళ్లాలో జాబితా కట్టి వాళ్ల ఫోన్లకు పంపేది. మర్నాడు ఉదయానికి 212 ఇళ్లున్నాయి. వాటిలో చాలావరకు పరగడుపున ఇవ్వాల్సిన షుగరు, కొలెస్టరాల్ పరీక్షలే. టేబుల్ ఖాళీగా ఉండగా ఆ జాబ్ నడిస్తే, రేపు మీకు పనేమీ లేదని టెక్నీషియన్లందరికీ కబురు వెళ్లిపోయేది. డేటాబేసులో వరుసలు తిరిగి పెట్టగలం. వెళ్లిపోయిన మెసేజీని వెనక్కి పిలవలేం. 2:52కి మేనేజరు దాన్ని ఆపించాడు. 2:55కి పేజీ, యాప్ రెండూ ఆగాయి.

ఆ తర్వాత పని నాది. డేటాబేసు తిరిగి తెచ్చుకోవడానికి రెండు వస్తువులు కావాలి. ఒకటి బ్యాకప్, అంటే ఏదో ఒక సమయానికి రిజిస్టరు మొత్తానికి తీసిన నకలు. మాది రోజూ తెల్లవారుజాము 2 గంటలకు తీసేది. రెండోది బైనరీ లాగ్. ఇది డేటాబేసు తనకు తానే రాసుకునే దినచర్య. ఏ క్షణంలో ఏ వరుస చేరింది, ఏది మారింది, ఏది పోయింది అన్నీ వరసగా అందులోకి ఎక్కుతాయి. తెల్లవారుజామున తీసిన నకలును వేరే సర్వరు మీద ఎక్కించి, అక్కడినుంచి దినచర్యను మొదటినుంచీ చదివిస్తూ పోతే, ఆ రోజు జరిగినవన్నీ అదే వరసలో మళ్లీ జరుగుతాయి. చిక్కంతా ఎక్కడ ఆపాలన్నదే. 2:37 నాటి తొలగింపు కూడా ఆ దినచర్యలో భాగమే. ఒక్క అడుగు ఎక్కువ చదివిస్తే కొత్త సర్వరు మీద కూడా టేబుల్ ఖాళీ అవుతుంది. చాలా ముందే ఆపితే ఆ మధ్యలో పడ్డ బుకింగులు పోతాయి.

ఆమె నిమిషం రాసింది, క్వెరీ అక్షరం మారకుండా అతికించింది. దాంతో లాగ్ ఫైల్లో నేను చూడాల్సింది ఆ నిమిషం చుట్టుపక్కల కొద్దిమేరే. తొలగింపు మొదలైన చోటు దొరికింది. దాని స్థానాన్ని సంఖ్యగా ఇచ్చి, అంతవరకే నడిపించాను.

```
mysqlbinlog --stop-position=88213407 mysql-bin.000412 | mysql -h restore01
```

సెకన్లు చెప్పి కూడా ఆపవచ్చు. కానీ అదే సెకనులో ఇంకెవరిదో బుకింగు పడి ఉండొచ్చు. స్థానం సంఖ్య అయితే పక్కన పక్కన పడ్డ రెండు సంఘటనల మధ్య కూడా సరిగ్గా ఆగుతుంది.

నకలు ఎక్కడానికి గంటా ఇరవై నిమిషాలు, దినచర్య నడవడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. అయ్యాక కొత్త సర్వరు మీద వరుసలు లెక్కపెట్టించాను. 48,216 వచ్చింది. మెయిల్లో ఉన్న సంఖ్య అదే. ఆ సంఖ్య ఆమె రాయకపోయి ఉంటే అన్నీ వచ్చాయని దేన్ని చూసి నమ్మాలి? వచ్చినవి ఇన్ని అని చెప్పగలను గానీ, రావాల్సినవి ఇన్ని అని చెప్పలేను.

ఇక రెండోసారి పేస్ట్ చేసిన సంగతి. నేను లాగ్‌ని ఆపింది మొదటి తొలగింపు ముందు. ఆ తర్వాత, రెండో తొలగింపుకి ముందు, ఆ కొద్ది సెకన్లలో ఇద్దరు ఎవరో తమ ఫోన్లలో బుకింగు చేసుకున్నారు. డబ్బు కట్టారు, ఖాయమైందని మెసేజీ కూడా అందుకున్నారు. వాళ్ల వరుసలు తెల్లవారుజాము నకల్లో లేవు. నేను తిరిగి తెచ్చిన 48,216లో లేవు. అసలు సర్వరు మీదా లేవు, రెండో పేస్ట్ వాటిని చెరిపేసింది. మొదటి డ్రాఫ్టులో ఈ మాట లేదు. మొదటి తప్పే చెప్పుకోలేకపోతున్న మనిషి, అదే తప్పు రెండోసారి చేశానని రాయడానికి ఎంత తడబడుతుందో నేను చూశాను. రాసి, చెరిపి, మళ్లీ రాసింది. ఆ వాక్యం ఉంది కాబట్టి ఆ రెండు తొలగింపుల మధ్య భాగాన్ని విడిగా తెరిచి చూశాను. మా లాగ్‌లో వరుస చేరినప్పుడు దాని వివరాలన్నీ ఎక్కుతాయి. రెండు బుకింగులూ అందులో దొరికాయి, చేత్తో తిరిగి పెట్టాను. ఆమె రాయకపోయి ఉంటే నేను అక్కడ వెతికేవాణ్ణి కాదు. లెక్క 48,216కి సరిపోయేది, మేం సంతోషంగా ఇంటికి వెళ్లిపోయేవాళ్లం.

సర్వర్ రీస్టార్ట్ చేయలేదన్న మాట చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. ఏదైనా చెడితే ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయడం అందరికీ అలవాటు. మేం వాడుతున్నది మైఎస్‌క్యూఎల్ 5.7. అందులో బుకింగు నంబరు తర్వాత ఎంత ఇవ్వాలన్న లెక్క మెమరీలో ఉండేది. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడు సర్వర్ ఆగి లేస్తే, ఆ లెక్క మళ్లీ 1 నుంచి మొదలయ్యేది. కొత్త బుకింగులకు పాత నంబర్లు వచ్చి, తిరిగి తెచ్చిన వరుసలతో ఢీకొనేవి. 8.0 నుంచి ఆ లెక్కను డిస్కులో దాస్తున్నారు. మామూలు తొలగింపు మాత్రం ఆ లెక్కను ముట్టుకోదు, అందుకే మా కొత్త బుకింగులు పాత నంబర్లు ఎక్కడ ఆగాయో అక్కడినుంచే కొనసాగాయి, ఏదీ దేనికీ అడ్డం రాలేదు.

అన్నీ తిరిగి రాలేదని కూడా చెప్పాలి. 2:37 నుంచి 2:55 వరకు యాప్ నడుస్తూనే ఉంది. ఆ సమయంలో ఏ టెక్నీషియనైనా నమూనా తీసుకుని "తీసుకున్నాను" అని నొక్కితే, యాప్ ఆ బుకింగు వరుసను మార్చబోయింది. వరుసే లేదు. లేని వరుసను మార్చమంటే డేటాబేసు ఎర్రర్ ఇవ్వదు, సున్నా వరుసలు మారాయని చెప్పి ఊరుకుంటుంది. ఏదీ మారలేదు కాబట్టి లాగ్‌లోకీ ఏదీ ఎక్కదు. ఈ పద్దెనిమిది నిమిషాల గుర్తులు ఏ ఫైల్లోనూ లేవు. ల్యాబు వాళ్లు టెక్నీషియన్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగి రాసుకున్నారు. మెయిల్ ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఆ ఫోన్ల జాబితా అంతకంత పెరిగేది.

రెండో సర్వరు ఉంది కదా, అందులోనుంచి తెచ్చుకోవచ్చు కదా అని ఆ సాయంత్రం ఒకాయన అడిగాడు. రిపోర్టుల కోసం మాకు ఒక జంట సర్వరు ఉన్న మాట నిజమే. కానీ దాని పని అసలు సర్వరులో జరిగిన ప్రతిదాన్నీ వెంటనే తన దగ్గరా చేయడం. తొలగింపు కూడా అలాగే దానికి చేరింది. మేం చూసేసరికి అందులోనూ టేబుల్ ఖాళీ. యంత్రం పాడైతే జంట సర్వరు ఆదుకుంటుంది. మనిషి చేసిన తప్పును అది నమ్మకంగా నకలు తీస్తుంది.

ఇలాంటివి చిన్న కంపెనీల్లోనే జరుగుతాయనుకోవద్దు. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు తమ కోడు దాచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31 రాత్రి, అలసిపోయిన ఒక ఇంజనీరు రెండో సర్వరనుకుని అసలు సర్వరు మీద డేటా ఫోల్డర్ తొలగించే కమాండ్ కొట్టాడు. క్షణాల్లో తెలుసుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయని అప్పుడే బయటపడింది. విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక నకలు వాళ్లను కాపాడింది. సుమారు ఆరు గంటల డేటా మాత్రం శాశ్వతంగా పోయింది. వాళ్లు ఆ రాత్రి ఏం జరుగుతోందో జరుగుతుండగానే లోకానికి చూపించారు, తర్వాత నివేదిక ప్రచురించారు. అందులో ఆ ఇంజనీరు పేరు లేదు, `team-member-1` అని ఉంది. అయినా అతను చేసిందేమిటో నిమిషాలతో సహా ఉంది. నాకు ఆ నివేదికలో అన్నిటికంటే విలువైనది అదే. ఎట్సీలో ఇంజనీరింగ్ చూసిన జాన్ ఆల్‌స్పా 2012లోనే ఈ సంగతి రాశాడు: శిక్ష పడుతుందని భయపడే మనిషి, తప్పు ఎలా జరిగిందో అర్థం కావడానికి అవసరమైన వివరాలే దాచుకుంటాడని.

మా మేనేజరు జవాబు రెండు పంక్తులు. "మెయిల్ అందింది. జాబ్ ఆపించాను, పేజీ ఆపుతున్నాం. నువ్వు డీబీఏ పక్కనే ఉండు, అడిగింది చెప్పు." ఎవరు, ఎందుకు అన్న మాటే లేదు. నేను చాలా ఆఫీసులు చూశాను. ఇలాంటి మెయిల్‌కి మొదటి జవాబుగా "ఇది ఎలా జరిగింది?" అని పై అధికారులందరినీ కాపీలో పెట్టి రాసినవాళ్లనూ చూశాను. అలాంటి చోట తర్వాత వచ్చే మెయిళ్లన్నీ "కొన్ని కనిపించడం లేదు" తరహాలోనే ఉంటాయి. జూనియర్ల చేత నిజం రాయించేది ఆ మేనేజరు పోయినసారి ఇచ్చిన జవాబే.

సాయంత్రం ఆమె రాసిన పొడుగు మెయిల్లో క్షమాపణ ఉంది. దాంతోపాటు ఆమె ఒక ప్రశ్న కూడా రాసింది: ఎనిమిది నెలల అనుభవమున్న నాకు ప్రొడక్షన్ టేబుల్ మొత్తం తొలగించే అనుమతి ఎందుకుంది? తప్పించుకోవడానికి అడిగింది కాదు. ఆ అనుమతి ఇచ్చింది నేనే. ఎప్పుడో హడావుడిగా ఒక పని కోసం ఇచ్చి, తిరిగి తీసుకోవడం మర్చిపోయాను. ఆ రాత్రి నా మెయిల్లో అది రాశాను.

తర్వాత మేం మార్చినవి ఎక్కువేం కాదు. ప్రొడక్షన్‌లో తొలగింపు క్వెరీ ఏదైనా ఒకరు రాస్తే ఇంకొకరు చదివాకే నడవాలన్నాం. నడిపేటప్పుడు ఇలా:

```
START TRANSACTION;
DELETE FROM appointments WHERE branch_code = 'TEST';
```

ఇక్కడ ఆగి, జవాబులో ఎన్ని వరుసలని వచ్చిందో చూడాలి. 37 అయితే `COMMIT`, ఇంకేదైనా అయితే `ROLLBACK`. ఈ చివరి మాటను పై రెండు పంక్తులతో కలిపి పేస్ట్ చేయకూడదు, విడిగా చేత్తో కొట్టాలి. కలిపి పేస్ట్ చేస్తే చూడడానికి వ్యవధే ఉండదు, ట్రాన్సాక్షన్ పెట్టిన ప్రయోజనం పోతుంది.

మైఎస్‌క్యూఎల్ ప్రోగ్రాముకి `--safe-updates` అనే ఏర్పాటు కూడా ఉంది. అది ఆన్‌లో ఉంటే షరతు లేని తొలగింపును 1175 అనే ఎర్రరుతో వెనక్కి పంపుతుంది. దాన్ని అందరి యంత్రాల్లో పెట్టాం. దానికీ హద్దులున్నాయి. షరతులో వాడిన గడికి ఇండెక్స్ లేకపోతే సరైన క్వెరీని కూడా ఆపేస్తుంది, అప్పుడు చివర `LIMIT` చేర్చాల్సి వస్తుంది. షరతు ఉండి అది తప్పు షరతు అయితే మాత్రం ఆపదు. TEST బదులు ఇంకో శాఖ పేరు రాస్తే, ఆ శాఖ బుకింగులు పోతాయి.

ఆ రోజు 5:40కి వరుసలన్నీ అసలు సర్వరుకి చేరాయి. 48,216లో 37 టెస్ట్ బుకింగులు వదిలేసి 48,179. వాటికి రెండో పేస్ట్‌లో పోయిన 2, ఆ తర్వాత పేజీ ఆగేవరకు పడిన 9. మొత్తం 48,190. పేజీ 6:05కి తెరిచాం. రూట్ల జాబ్ 6:20కి నడిచింది.

మర్నాడు ఉదయం 6 గంటల నుంచి టెక్నీషియన్లు వాళ్ల వాళ్ల ఇళ్లకు వెళ్లారు. చేత్తో తిరిగి పెట్టిన ఆ రెండు బుకింగుల్లో ఒకటి ఆ ఉదయం 6:30కే, ఫాస్టింగ్ షుగరు పరీక్ష. నమూనా 6:41కి తీసుకున్నట్టు ఆ వరుసలో నమోదైంది.